బోరు నుంచి ఇంటికి లైను: పీవీసీనా, జీఐనా, నల్ల పైపా?

పరకాల రైతు: అన్నలూ, మా చెల్కల బోరు నుంచి ఇంటిమీది ట్యాంకుకు 300 మీటర్ల లైను మళ్ల వేయాలె. బోరు ఒర్రె పక్కన పల్లంల ఉన్నది, ట్యాంకు దానికంటే 12 మీటర్లు ఎత్తు. నడుమ 40 మీటర్ల దాక బండ, తవ్వరాదు. ఇప్పుడున్నది 63 ఎంఎం పీవీసీ, నాలుగు కిలోల ఒత్తిడికి ఆగేది. ఎండకాలమంత మంచిగ నడిచింది. వానలు పడ్డంక బోరు దగ్గర పైపు నిలువున చీలింది. ఆ ముక్క మారిస్తే దాని పక్కది చీలింది. ఒకాయన జీఐ అంటడు, ఒకాయన హెచ్‌డీపీఈ అంటడు. ఏది వేయాలె?

జనగామ పెద్దాయన: జీఐ వేయి తమ్మీ. మా నాయిన వేయించిన జీఐ పైపు ఇప్పటికీ గట్టిగున్నది, ట్రాక్టరు ఎక్కినా ఏం కాలే.

హన్మకొండ అక్క: మా ఇంట్ల జీఐ లైనే. పొద్దుగాల నల్లా ఇప్పితే ఎర్ర నీళ్లొస్తున్నయి, మిద్దెమీద ధార సన్నబడ్డది. గోడలు పగలగొట్టాల్నా?

నర్సంపేట ప్లంబరు: అక్కా, అది లోపలి తుప్పు, పాచర. పాత లైను గోడలనే వదిలేసి, బయట నుంచి కొత్త పీవీసీ దింపుకోవచ్చు. గీజరు నుంచి వచ్చే వేడినీళ్లకు మాత్రం సీపీవీసీ వేయించుండ్రి, మామూలు పీవీసీ మెత్తబడుతది.
పరకాల అన్నా, ఏ పైపో తర్వాత చూద్దం. ట్యాంకుల బాల్‌కాక్ ఉన్నదా? మోటరు ప్లేటు మీద హెడ్డు ఎంత రాసుంది? బోరుల నీళ్లు ఎంత లోతున ఉంటయి?

పరకాల రైతు: బాల్‌కాక్ ఉన్నది. మోటరుకు ఆటో స్టార్టరు, కరెంటొస్తే అదే నడుస్తది. హెడ్డు దగ్గర పెద్ద అంకె 80 మీటర్లు. నీళ్లు ఎండకాలం 45 మీటర్ల లోతున ఉంటయి, వానకాలం 15 దాక పైకొస్తయి.

నర్సంపేట ప్లంబరు: ఇగ లెక్క దొరికింది. ట్యాంకు నిండితే బాల్‌కాక్ మూసుకుంటది, మోటరు మాత్రం నూకుతనే ఉంటది. అప్పుడు ప్లేటు మీది హెడ్డుల నీళ్ల లోతు పోను మిగిలిందంత బోరు మూతి దగ్గర పైపు మీద పడుతది. ఎండకాలం 80ల 45 పోతే 35 మీటర్లు, అంటే మూడున్నర కిలోలు. నాలుగు కిలోల పైపు ఎట్లనో తట్టుకున్నది. వానకాలం 80ల 15 పోతే 65, అంటే ఆరున్నర కిలోలు. లైనుల పల్లం జాగ అదే కాబట్టి ఆడనే చీలింది. సొల్యూషన్ సరిగ పట్టకపోతే జాయింటు ఊడొస్తది, పైపు నిలువున చీలిందంటే ఒత్తిడి ఎక్కువైనట్టే.

హుజూరాబాద్ రైతు: నాది గూడ నాలుగు కిలోలదే, 400 మీటర్లుంటది. ఏండ్లసంది ఏం కాలే. ఆరు కిలోలది ఉత్త ఖర్చు.

నర్సంపేట ప్లంబరు: మీ నీళ్లు మడిల పడుతయి కదా పటేలా? మూతి తెరిచి ఉంటే అంత ఒత్తిడి రాదు, మీకు నాలుగు కిలోలది సరిపోతది. పరకాల అన్న లైనుల గూడ మూతి తెరిచే ఉంటే 12 మీటర్ల ఎత్తు, రాపిడికి ఇంకో ఆరేడు మీటర్లు, మొత్తం రెండు కిలోలు దాటదు. అందుకే ముందు బాల్‌కాక్ తీసెయ్యాలె. ట్యాంకుల ఫ్లోట్ స్విచ్ పెట్టి స్టార్టరుకు కలిపితే నిండంగనే మోటరు బందయితది. అట్ల చేస్తే ఆరు కిలోల పీవీసీ చాలు. బాల్‌కాక్ ఉంచాలంటే పది కిలోలది వేయాలె.

పరకాల రైతు: మరి బండ మీద?

నర్సంపేట ప్లంబరు: ఆడ నల్ల పైపే, ఆరు కిలోల హెచ్‌డీపీఈ. పీవీసీ ఎండకు పెళుసైతది, రాయి తగిలితే పలుగుతది. నల్ల పైపు ఎండకు ఆగుతది గని సాగుతది. నీళ్లు లేనప్పుడు ఎండ కొడితే 40 మీటర్ల ముక్క జానెడు దాక పెరుగుతది. బిర్రుగ గుంజి వేయకుండ వంకరటింకరగ వదలాలె. రెండు కొసలకు ఫ్లాంజి పెట్టి పీవీసీకి కలుపాలె. మిగిలిన 260 మీటర్లు రెండున్నర అడుగుల కందకంల పీవీసీ. రాళ్లు తగలకుండ కింద మెత్తటి మన్ను పోయాలె.
జీఐ బోరు మూతి దగ్గర పైకి కనపడే రెండు మీటర్లకే చాలు, ఎడ్లు తగిలినా ఆగుతది. దాని మరను పీవీసీ మరల బిగిస్తే పీవీసీ చీలుతది, ఇత్తడి మరున్న కప్లరు కొనుండ్రి.

జనగామ పెద్దాయన: నల్ల పైపును అడవిపందులు కొరుకుతయి. మా దిక్కు డ్రిప్పు పైపులు సగం గట్లనే పోయినయి.

నర్సంపేట ప్లంబరు: డ్రిప్పుది పలుచగుంటది, ఇది మందం. నేను వేసినకాడ కొరకలే. పందులు మస్తుగ తిరిగే జాగల మాత్రం నేను వేయలే.

పరకాల రైతు: మా దిక్కు తిరుగుతయి అన్నా. ఇంకోటి, ఫ్లోట్ స్విచ్‌కు ట్యాంకు నుంచి స్టార్టరు దాక 300 మీటర్ల వైరు గుంజాలె కదా, కందకంల పైపు పక్కనే వేయొచ్చా? ఎవరన్న వేసినోళ్లుంటే చెప్పుండ్రి.