గడువు పెంచమని అడిగే ఉత్తరంలో ఎంతవరకు చెప్పాలి?

మూడో సెమిస్టరు
ఎం.ఎ. జర్నలిజం రెండో ఏడాది నాది. పత్రికలకు మండలాల నుంచి వార్తలు పంపే, నెల జీతం లేని కంట్రిబ్యూటర్ల మీద పరిశోధన పత్రం రాస్తున్నాను. ఇన్ని ప్రకటనలు తేవాలని పత్రికలు పెట్టే యాడ్ టార్గెట్లు వాళ్ళు పంపే వార్తలను ఎట్లా మారుస్తున్నాయన్నది విషయం. మూడు మండలాలు, మండలానికి నలుగురు చొప్పున మాట్లాడాలనుకున్నా. మధ్యలో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి, ఏడుగురే దొరికారు. గడువు డిసెంబరు 22, సోమవారం. జనవరి 5 దాకా టైం ఇవ్వమని మేడం గారికి ఇలా రాసుకున్నా: "కొన్ని అనివార్య కారణాల వల్ల ఫీల్డ్‌వర్క్ ఆలస్యమైనందున రెండు వారాలు గడువు ఇప్పించగలరని ప్రార్థన." జ్వరమని రాసేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజం రాస్తే ఎంతవరకు రాయాలి? రికార్డింగులు, కాల్ లిస్టు జతచేయాలా? అసలు అడగడమే తప్పా?

రాత్రి డెస్కు
అడగొద్దు. ఉన్న ఏడుగురితో రాసి 22న ఇచ్చెయ్యండి. డెస్కులో కూర్చున్నప్పుడు రావాల్సిన వార్త రాకపోతే ఉన్నదాంతోనే పేజీ కడతాం, పేజీ ఆగదు. పైగా ఎన్నికల సమయంలో విలేకరులకు తీరిక ఉండదన్న సంగతి జర్నలిజం విద్యార్థికి తెలియాలి కదా. ఆ ముక్క ఉత్తరంలో రాస్తే మీ ప్లానింగులోని లోపాన్ని మీరే చూపించుకున్నట్టు అవుతుంది.

ఫైలు మనిషి
నేను ఒప్పుకోను. అడగాలి, గట్టిగా అడగాలి. "అనివార్య కారణాలు" అంటే ఎవరూ నమ్మరు. ఏడు ఇంటర్వ్యూల రికార్డింగులు, ఎత్తని ఫోన్ల స్క్రీన్‌షాట్లు, "తర్వాత చేద్దాం మేడం" అన్న వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒక ఫైలుగా జతచేయండి. ఆధారం చేతిలో ఉంటే ఎవరూ కాదనలేరు.

పాఠాల పంతులమ్మ
ఆధారం ఉండాలన్న మాట నిజం. అయితే ఫైలు మనిషి గారు చెప్పిన ఆధారాల్లో ఒక్కటి కూడా ఈ ఉత్తరంతో వెళ్ళకూడదు. ఒక మండలంలో ఒక పత్రికకు సాధారణంగా ఒక్కరే కంట్రిబ్యూటర్ ఉంటారు. మండలం పేరు, పత్రిక పేరు రెండూ చెప్పారంటే మనిషి పేరు చెప్పినట్టే. ఆ స్క్రీన్‌షాట్‌లో నంబరు కనిపిస్తుంది. "క్యాండిడేట్ల దగ్గర యాడ్స్ పని ఉంది" అని ఆయన రాసి ఉంటే అదీ కనిపిస్తుంది. మేడం మంచివారే కావచ్చు. కానీ ఉత్తరం డిపార్ట్‌మెంట్ ఫైల్లోకి వెళ్తుంది, పీడీఎఫ్‌లు చేతులు మారతాయి. పేరు బయటపెట్టనని మాటిచ్చే కదా వాళ్ళను మాట్లాడించారు?

ఇది చిన్న విషయం కాదు. 2009 ఎన్నికల్లో డబ్బులకు అమ్మిన వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. ఒకరు జర్నలిస్టు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. వాళ్ళు 2010లో నివేదిక ఇస్తే, కౌన్సిల్ మొదట సంక్షిప్తంగా మాత్రమే బయటపెట్టింది. పూర్తి నివేదిక 2011లో గానీ జనానికి అందలేదు. పత్రికల పేర్లు రాసినందుకే అంత పెనుగులాట జరిగింది. నెల జీతం లేని కంట్రిబ్యూటర్ పేరు బయటపడితే అతని పక్కన ఎవరు నిలబడతారు?

మూడో సెమిస్టరూ, ఒకటి చెప్పమ్మా. దొరకని ఐదుగురు ఏ మండలాల వాళ్ళు?

మూడో సెమిస్టరు
మొదటి మండలంలో నలుగురూ దొరికారు మేడం. రెండో దాంట్లో ముగ్గురు. మూడో దాంట్లో ఒక్కరూ దొరకలేదు. అక్కడ 17న, చివరి విడతలో పోలింగ్ జరిగింది.

రాత్రి డెస్కు గారూ, ప్లాన్ అక్టోబరులో ఒప్పుకున్నదండీ. అంతకుముందు ఇచ్చిన ఎన్నికల షెడ్యూలు బీసీ రిజర్వేషన్ల కేసులో హైకోర్టు స్టేతో ఆగిపోయింది. ఇక ఈ ఏడాది ఉండవనే మా ఊళ్ళో అందరూ అనుకున్నారు. నవంబరు చివర మళ్ళీ షెడ్యూలు వచ్చింది. అది నా చేతిలో ఉన్న సంగతి కాదు.

నిజామాబాద్ తమ్ముడు
అక్కా, మా కాలేజీలో హాజరు తక్కువైతే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కట్టించుకున్నరు. ప్రిన్సిపాల్ సంతకం ఉంటే చాలు. మీరు కూడా అట్ల చేసుకోండి, జ్వరమని పెట్టుడే మంచిది.

పాఠాల పంతులమ్మ
తమ్ముడూ, అది హాజరు సంగతి, ఇది పత్రం సంగతి. జ్వరమని రాస్తే రేపు పత్రంలో పరిశోధన విధానం రాసేచోట చిక్కొస్తుంది. "ఎన్నికల వల్ల మూడో మండలం ఆలస్యమైంది" అని అక్కడ ఎలాగూ రాయాలి. మేడం చేతిలో ఉత్తరం ఒకటి చెప్తుంది, పత్రం ఇంకొకటి చెప్తుంది.

మండలం విలేకరి
నేను పద్నాలుగేండ్ల సంది ఇదే పని చేస్తున్న. మీ పిల్లలు వస్తరు, గంట మాట్లాడిస్తరు, పోతరు, మళ్ళ కనపడరు. అయినా చెప్తున్న, వినుండ్రి.

పోలింగ్ నాడు పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా ఓట్లు, రెండింటి నుంచి లెక్కింపు. ఊరూరి సర్పంచ్ పేరు, మెజార్టీ డెస్కుకు పంపేసరికి అర్ధరాత్రి. మూడు విడతలు 11, 14, 17 అయిపోయినయి కదా, ఇగ ఖాళీ అనుకుంటున్నవు నువ్వు. కాదు బిడ్డా. కొత్త సర్పంచులు గెలిచిండ్రు, ప్రమాణ స్వీకారాలు ఉన్నయి. ఇగ శుభాకాంక్షల యాడ్స్ మొదలైతయి. కొత్త సంవత్సరం, దాని ఎనకనే సంక్రాంతి. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ పైసలు పెట్రోలుకే చాలవు, ఆ యాడ్స్ కమిషన్ మీదనే మా ఇల్లు గడుస్తది. జనవరి 5 దాకా టైం తెచ్చుకుంటే నువ్వు తెచ్చుకునేది మా యాడ్ సీజన్‌నే. ఇంకో వారం ఎక్కువ తెచ్చుకున్నా అంతే. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు నడుమ ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం అయితే వార్తలు పంపుడు మొదలైతది, అప్పుడు ఎవరూ ఎత్తరు.

డాలస్ నుంచి
ఇక్కడ నా మాస్టర్స్‌లో ఇలాగే అయితే ప్రొఫెసర్ "ఇన్‌కంప్లీట్" గ్రేడ్ ఇచ్చారు. తర్వాతి సెమిస్టర్‌లో పూర్తిచేశాక గ్రేడ్ మార్చారు. మీ మేడంని అది అడిగి చూడండి, రెండు నెలలు దొరుకుతాయి.

పాఠాల పంతులమ్మ
డాలస్ గారూ, మీ దగ్గర ఆ వెసులుబాటు టీచరు చేతిలోనే ఉంటుంది. మా దగ్గర ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కించడానికి ఒక ఆఖరి రోజు ఉంటుంది, ఆ తర్వాత టీచరుకు మనసున్నా చెయ్యి ఆడదు. మూడో సెమిస్టరూ, ముందు ఆఫీసులో అడిగి ఆ తేదీ తెలుసుకో. దానికి కనీసం ఒకటి రెండు రోజుల ముందు తేదీ అడగాలి. మేడం చదవాలి, మార్కులు వెయ్యాలి కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాత్రి డెస్కు గారు చెప్పినట్టు ఏడుగురితో రాయొచ్చా? దొరకని ఐదుగురు తలా ఒక చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఇక్కడ ఒక మండలమే మొత్తం లేదు. ఆ మండలాన్ని ఎందుకు ఎంచుకున్నావమ్మా?

మూడో సెమిస్టరు
మొదటి రెండూ వ్యవసాయ మండలాలు, యాడ్స్ తక్కువ. మూడోది హైవే పక్కన ఉంది. వెంచర్లు, ప్రైవేటు స్కూళ్ళు, ఆసుపత్రులు, యాడ్స్ ఎక్కువ. రెండింటికీ పోలిక కోసం తీసుకున్నా.

పాఠాల పంతులమ్మ
అదే ఉత్తరంలో రాయి. "ఆలస్యమైంది" అంటే మేడం చేయగలిగిందేమీ లేదు. "ఇది లేకపోతే నా పత్రం ఫలానా మాట చెప్పలేదు" అంటే అప్పుడు ఆమె నిర్ణయం తీసుకోగలుగుతుంది. ఆధారంగా ఎన్నికల సంఘం షెడ్యూలు జతచెయ్యి. అది అందరికీ తెలిసిన కాగితం, ఎవరినీ పట్టివ్వదు. తేదీ లెక్కలో ఇంటర్వ్యూ ఒక్కటే చూసుకోకు. ముప్పావు గంట రికార్డింగు రాసుకోవడానికి ఎంత లేదన్నా మూడు నాలుగు గంటలు పడుతుంది. నలుగురితో ఫోన్లో మాట్లాడి, రాసుకుని, విశ్లేషణలో కలపడానికి తొమ్మిది రోజులు సరిపోతాయి. ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడు:

"గౌరవనీయులైన మేడం గారికి నమస్కారాలు. కంట్రిబ్యూటర్ల మీద నా పరిశోధన పత్రానికి గడువు ఈ నెల 22. అనుకున్న పన్నెండు ఇంటర్వ్యూల్లో ఏడు పూర్తయ్యాయి, అవన్నీ రెండు వ్యవసాయ మండలాలవి. మూడో మండలంలో సర్పంచ్ ఎన్నికల చివరి విడత 17న ముగిసింది, అప్పటివరకు అక్కడి విలేకరులు సమయం ఇవ్వలేకపోయారు. షెడ్యూలు జతచేశాను. ఆ మండలం లేకపోతే యాడ్స్ ఎక్కువ దొరికే చోటుకూ దొరకని చోటుకూ పోలిక చెప్పలేను. 24 లోపు ఉదయం పూట ఫోన్లో నలుగురితో మాట్లాడి 31న పూర్తి పత్రం ఇస్తాను. పరిశోధన విధానం, రెండు మండలాల విశ్లేషణ 22నే మీకు అందజేస్తాను. గడువు పెంచడం వీలుకాకపోతే శీర్షిక, ప్రశ్న మార్చి రెండు మండలాల పత్రంగానే 22న ఇస్తాను. ఏది సరైనదో తెలియజేయగలరు."

ఈ రోజే పంపించు. సోమవారం పొద్దున అడిగితే ఇదే ఉత్తరం వేరేగా వినిపిస్తుంది.

రాత్రి డెస్కు
ఈ ఉత్తరానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఫోన్ ఇంటర్వ్యూలకు ఉంది. ఏడుగురిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడారు, నలుగురిని ఫోన్లో మాట్లాడిస్తారు. ఎదురుగా ఉంటే మనిషి యాడ్స్ సంగతి ఇట్టే చెప్పడు, టీ తాగాక చెప్తాడు. ఫోన్లో ఆ అవకాశం లేదు. రేపు హైవే మండలం వాళ్ళు టార్గెట్ల గురించి తక్కువ చెప్తే, అక్కడ ఒత్తిడి తక్కువని రాస్తారా, ఫోన్లో చెప్పలేదని రాస్తారా? మీరు నిలబెడుతున్న పోలికే అక్కడ పోతుంది.

పాఠాల పంతులమ్మ
మంచి ప్రశ్న. వ్యవసాయ మండలాల్లో మాట్లాడినవాళ్ళలో ఒకరిద్దరిని మళ్ళీ ఫోన్లో అవే ప్రశ్నలు అడిగి తేడా చూడొచ్చు. దాంతో సందేహం మొత్తం తీరుతుందని మాత్రం అనను.

మూడో సెమిస్టరు
నిన్న సాయంత్రమే పంపాను. మార్కులు ఎక్కించే ఆఖరి రోజు 30 అట. అందుకని 31 బదులు 28 అడిగాను, ముగ్గురితోనే మాట్లాడతానని రాశాను. మేడం ఒప్పుకున్నారు. మిగతాది మొత్తం 22నే ఇవ్వమన్నారు. ఎన్నికల వల్ల దొరకకపోవడాన్ని కూడా పత్రంలో ఒక అంశంగా రాయాలా అని అడిగితే, "ఎవరు ఏ కారణం చెప్పారో నోట్సు ఉంటే రాయి, ఊహించి మాత్రం రాయకు" అన్నారు.

మండలం విలేకరి
నాదో మాట. మా పేర్లు తీసేస్తవు, మండలం పేరు తీసేస్తవు, బాగనే ఉంది. "హైవే పక్కన, వెంచర్లు ఎక్కువున్న మండలం" అని పత్రంలో రాస్తే మా జిల్లాల అటువంటివి ఎన్ని ఉన్నయి? మా ఆఫీసుల చదివితే ఏ మండలమో తెలుస్తది, అప్పుడు నలుగురిలో ఎవరో చెప్పుడు కష్టం కాదు.

మూడో సెమిస్టరు
జిల్లా పేరు కూడా తీసేస్తే సరిపోతుందా అన్నా? హైవే అన్న మాట తీసేస్తే ఆ మండలాన్ని ఎందుకు తీసుకున్నానో చెప్పలేను. 22న ఇచ్చే భాగంలోనే ఆ వాక్యం ఉంది. రేపు మేడంని అడిగి వచ్చి ఇక్కడ రాస్తాను.