రాగిజావలో ఉప్పు, బెల్లం: ఆరు నెలల బిడ్డకు వెయ్యాలా, వద్దా?

కొత్తమ్మ_కరీంనగర్
పాపకు ఆరు నెలలు నిండాయి. రాగిజావ మొదలుపెడదామనుకుంటున్నా. చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం వెయ్యకపోతే చప్పగా ఉండి తినదని మా అత్తమ్మ అంటోంది. వెయ్యొచ్చా? జావ ఎంత చిక్కగా ఉండాలి?

ఉగ్గుగిన్నె
రెండూ వద్దండి. ఏడాది లోపు బిడ్డకు రోజంతా కలిపి ఒక గ్రాము ఉప్పు దాటకూడదంటారు. గ్రామంటే టీస్పూన్‌లో ఆరో వంతు. మూడు పూటలా చిటికెడు చొప్పున వేస్తే దాదాపు అక్కడికే చేరతాం. బిడ్డకు కావలసిన సోడియం పాలలోనూ పప్పులోనూ ఎలాగూ ఉంది. చప్పదనం మన నాలుకకే. పాలు తప్ప ఇంకేమీ ఎరగని బిడ్డకు రాగి రుచే కొత్త.

చిక్కదనం ఇంకా ముఖ్యం. స్పూన్‌తో తీసి పక్కకు వంచితే ధారగా కారకూడదు, మెల్లగా జారాలి. సీసాలో పట్టేంత పలచగా ఉంటే అది తిండి కాదు, నీళ్లు.

సీమ_సంగటి
పంచదార తప్పే, ఒప్పుకుంటా. బెల్లం పంచదార ఎట్లవుతుందండీ? బెల్లంలో ఐరన్ ఉంది. మా పక్క తరతరాలుగా బెల్లం వేసే తాగించినారు.

ఉగ్గుగిన్నె
ఐరన్ ఉన్న మాట నిజమే. అది ఒక్కో బెల్లానికి ఒక్కోలా ఉంటుంది, అర టీస్పూన్‌లో వచ్చేది లెక్కలోకి రాదు. మిగిలినదంతా చక్కెరే. పటికబెల్లమూ అంతే. తేనె సంగతి వేరు, ఏడాది లోపు చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండే సూక్ష్మజీవి బీజాలు పసిపేగులో మొలిచి విషం తయారుచేస్తాయి, మరిగించినా అవి చావవు.

డల్లాస్_నాన్న
బియ్యంతో చేసిన సీరియల్ అస్సలు ఇవ్వకండి. ఆర్సెనిక్ ఉంటుందని ఇక్కడ 2020లో ఎఫ్‌డీఏ పరిమితి కూడా పెట్టింది.

పెసరకట్టు
ఆవిడ అడిగింది రాగి గురించి సార్.

అమ్మమ్మ_తెనాలి
ఉప్పు లేకుండా, బెల్లం లేకుండా, పైగా చిక్కగా పెట్టమంటున్నారు. ఆరు నెలల పిల్లకు గొంతుకు అడ్డం పడితే ఎవరు చూస్తారు? జావ పలచగా కాచి, బట్టలో వడగట్టి పట్టడమే పద్ధతి.

ఉగ్గుగిన్నె
పలచన చేస్తే ఏం పోతుందో లెక్క చూద్దాం. ఒక టీస్పూన్ పిండి, అంటే సుమారు మూడు గ్రాములు, గ్లాసు నీళ్లలో కాచారనుకోండి. అందులో శక్తి పది కేలరీలు. అదే కొలత తల్లిపాలు తాగితే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది, 100 మి.లీ. పాలలోనే 65కు పైన ఉంటాయి. బిడ్డ పొట్ట చిన్నది. జావతో నింపితే ఆ మేరకు పాలు తగ్గిస్తుంది.

ఇప్పుడు పది గ్రాములు, ఒక పెద్ద స్పూన్‌కు కాస్త పైన, 100 మి.లీ. చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో పిండి పోస్తే పైపొర ఉడికి లోపల పచ్చిపిండి మిగులుతుంది, ఆ గడ్డలు ఎంత కలిపినా విడవవు. సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు, రంగు ముదిరి పచ్చివాసన పోయేదాకా తిప్పాలి. దించాక టీస్పూన్ నెయ్యి. అంతా కలిపి 75 కేలరీల దాకా వస్తుంది. చల్లారితే ఇంకా బిగుస్తుంది కాబట్టి చిక్కదనం పొయ్యి మీద కాదు, పెట్టే వేడికి వచ్చాక చూసుకోవాలి. బిగిస్తే కాచిన నీళ్లు ఒక స్పూన్.

వడగట్టే విషయం. రాగిలో కాల్షియం ఎక్కువ భాగం పైపొట్టులోనే ఉంటుంది. మెత్తగా మర పట్టించి సన్న జల్లెడ పడితే చాలు. నానబెట్టి, రుబ్బి, బట్టలో పిండి రాగిపాలు తీస్తే కాల్షియం చాలావరకు పిప్పిలోనే పోతుంది.

సీమ_సంగటి
మొలకెత్తిన రాగి వాడితే ఈ తలనొప్పే ఉండదు కదా?

ఉగ్గుగిన్నె
అది మంచి మాట. మొలకెత్తితే పిండిని విడగొట్టే ఎంజైమ్ తయారవుతుంది, కాచేటప్పుడు అది జావను పలచన చేస్తుంది. అంటే అదే చిక్కదనానికి పదికి బదులు పదిహేను గ్రాముల పిండి పడుతుంది, శక్తి పెరుగుతుంది. రాత్రంతా నానబెట్టి, తడిబట్టలో కట్టి, ఒకటి రెండు రోజులకు మొలక వచ్చాక ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి మొలకలు రాల్చేయాలి. మాడ్చి వేయిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. కమ్మటి వాసన రాగానే దించేయాలి.

పెసరకట్టు
అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో పంచదార ఉంది. ప్రభుత్వం వేస్తే పోషణ, అత్తమ్మ వేస్తే తప్పా?

ఉగ్గుగిన్నె
ఉంది, కాదనను. ఉండకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. దానికి పైన ఇంట్లో ఇంకా కలపడానికి అది సాకు కాకూడదు.

డల్లాస్_నాన్న
చిక్కదనం మీద మాత్రం అమ్మమ్మగారి వైపే నేను. మావాడు ఉండ తగిలితే చాలు ఓకిలించేవాడు, పదకొండో నెల దాకా ప్యూరీలే. ఇప్పటికీ నమలడు.

ఉగ్గుగిన్నె
ఓకిలింత వేరు, అడ్డం పడటం వేరు. ఓకిలించేటప్పుడు చప్పుడు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, బిడ్డే బయటికి తోస్తుంది. నిజంగా అడ్డం పడితే గొంతు పెగలదు, దగ్గు కూడా రాదు. అప్పుడు ఊరుకోకూడదు. మీ అబ్బాయి సంగతి చూడకుండా చెప్పలేను కానీ, పదో నెల దాటినా ఉండలు అలవాటు చెయ్యని పిల్లలు తర్వాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెడతారు. ఆరో నెలలో నున్నగా, ఎనిమిదికల్లా వేలితో నలిపిన మెత్తటి ఉండలు.

అమ్మమ్మ_తెనాలి
లెక్కలు బాగానే చెబుతున్నారు. గిన్నె నిండా చేసింది నాలుగు స్పూన్లు తిని మొహం తిప్పుకుంటే? నెల తిరిగేసరికి అంగన్‌వాడీ తూకంలో ముల్లు కదలకపోతే ఇంట్లో మాట పడేది ఆ పిల్ల తల్లి, మీరు కాదు. బెల్లం వేసేది రుచికి కాదు నాయనా, గిన్నె ఖాళీ అవ్వాలని.

పెసరకట్టు
అసలు సంగతి ఇదీ. ఇంతసేపూ ఉప్పు మీద కొట్టుకున్నాం.

ఉగ్గుగిన్నె
మొదటి వారాల్లో పూటకు రెండు మూడు స్పూన్లే లెక్క అమ్మా, రోజుకు రెండు మూడు సార్లు. గిన్నె ఖాళీ కావాలన్న పట్టుదలతోనే సీసా, బెల్లం, నోరు పట్టుకుని పొయ్యడం అన్నీ వస్తాయి. ముల్లు కదిలేది నెయ్యితో, చిక్కదనంతో, పాలు తగ్గకపోవడంతో. మొహం తిప్పితే ఆపేసి మరుసటి పూట మళ్లీ పెట్టండి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి కొందరికి పదిసార్లు పడుతుంది.

ఒక్క రాగి మీదే ఉండిపోకండి. అందులోని ఐరన్ సరిగా ఒంటబట్టదు. వారం తిరిగేలోపు పెసరపప్పు, తర్వాత ఉడికిన గుడ్డు, తినేవాళ్లయితే మాంసం. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ మానొద్దు.

కొత్తమ్మ_కరీంనగర్
ఇవాళ చిక్కగా చేశా. సగం తిన్నాక గిన్నెలో మిగిలింది నీళ్లలా అయిపోయింది. పిండి పాడైందా?

ఉగ్గుగిన్నె
పిండి బాగానే ఉంది. నోట్లో పెట్టిన స్పూన్‌తో లాలాజలం గిన్నెలోకి వెళ్లి జావను విడగొట్టింది. తల్లిపాలు కలిపినా ఇలాగే పలచబడుతుంది. మిగిలింది పారబొయ్యండి, దాచొద్దు. రేపటి నుంచి చిన్న గిన్నెలోకి రెండు స్పూన్లే వడ్డించుకోండి.

అమ్మమ్మ_తెనాలి
బెల్లం సరే, మానేస్తాం. పెద్దవాళ్లకు చేసిన పప్పులో ఉప్పు ఉంటుందిగా, అదేం చేస్తారు?

ఉగ్గుగిన్నె
పప్పు ఉడికాక, ఉప్పూ తాలింపూ పడకముందే బిడ్డ వాటా తీసి మెదపండి.

అమ్మమ్మ_తెనాలి
కుక్కర్లో ఉప్పేసే ఉడకబెడతాం మేము.

సీమ_సంగటి
మేమూ అంతే.