నాన్న ఒక్క మాటా రాయకుండా స్క్రీన్‌షాట్ పంపితే గట్టిగా ఆపాలా, మెల్లగా అడగాలా?

పల్నాడు అబ్బాయి

నరసరావుపేటలో మా ఇంటి కింది వాటా అద్దెకిస్తామని నాన్న ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టారు. పోయిన నెల ఒకరోజు పదకొండున్నరకి నాకు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. 50,000 జమ అయినట్టు మెసేజ్. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. నేను పుణేలో ఆఫీసులో ఉన్నాను. చూడగానే టెన్షన్‌తో వరసగా మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాను. "అది మోసం, ఏదీ ముట్టుకోకు, అసలు ఎవరితో మాట్లాడుతున్నావ్" అని అరిచాను. నాన్న కంగారుపడి ఫోన్ ఆపేశారు. రెండు గంటలు దొరకలేదు. డబ్బు పోలేదు కానీ అప్పటినుంచి నాకు ఏదీ పంపడం మానేశారు. అక్క నాదే తప్పంటోంది. ఇలాంటప్పుడు గట్టిగా ఆపడమే సరైనది కాదా?

బందరు రోడ్డు టిఫిన్స్

స్క్రీన్‌షాట్‌ను ఎవరూ నమ్మకూడదు తమ్ముడూ. మా దగ్గర పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా జనం ఎగబడతారు. ఫోన్ ఎత్తి పచ్చ టిక్కు చూపించి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. అలాంటి బొమ్మ తయారుచేసే దొంగ యాప్‌లు కూడా ఉన్నాయి. అందుకే సౌండ్ బాక్స్ పలికితేనే పొట్లం చేతికిస్తాను.

పాత క్యాషియర్

టిఫిన్స్ గారూ, మీది కొనేవాళ్లు చూపించే బొమ్మ. ఇక్కడ తండ్రి తన ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌ని కొడుక్కి చూపించారు. రెండూ వేరు.

పల్నాడు బాబూ, ఆ స్క్రీన్‌షాట్ ఇంకా ఉంటే మళ్లీ తెరిచి మూడు సంగతులు చెప్పు. అక్షరాలు మీ నాన్న ఫోన్‌లో ఉండేంత పెద్దగా ఉన్నాయా? మెసేజ్ పైన పంపినవారి చోట ఏముంది? లోపల ఖాతా చివరి అంకెలు ఉన్నాయా?

పల్నాడు అబ్బాయి

ఇప్పుడు చూశానండీ. అక్షరాలు పెద్దవే, నాన్న ఫోనే. పైన మామూలు పదంకెల మొబైల్ నంబరు ఉంది, `+91`తో మొదలైంది. లోపల ఉన్నది ఇది:

`Dear Customer, Rs.50,000.00 credited to your bank account by UPI.`

ఖాతా అంకెలు లేవు. ఆరోజు నేను ఇవేవీ చూడలేదు. 50,000 అన్నది ఒక్కటే కనిపించింది.

పాత క్యాషియర్

అక్షరాలు ఎందుకు అడిగానంటే, వేరేవాళ్లు వాట్సాప్‌లో పంపిన బొమ్మనే పెద్దవాళ్లు మనకు ఫార్వర్డ్ చేస్తుంటారు. అప్పుడది ఎవరి ఖాతా కథో కూడా మనకు తెలియదు. మీ నాన్నకు మెసేజ్ నేరుగా వచ్చింది, కాబట్టి పంపినవాడి దగ్గర ఆయన నంబరు ఉంది. ప్రకటనలో ఉంటుంది కదా. ఖాతా నంబరు మాత్రం వాడికి తెలియదు. అందుకే చివరి అంకెలు వేయలేకపోయాడు. బ్యాంకు పంపే జమ మెసేజ్‌లో అవి ఉంటాయి. పైగా బ్యాంకు మెసేజ్ పదంకెల నంబరు నుంచి రాదు. పైన రెండు అక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత బ్యాంకు పేరుకు పొట్టి రూపం ఉంటాయి. 2025 నుంచి చివర `-S`, `-T` లాంటి ఒక అక్షరం కూడా చేరింది.

ఆ మెసేజ్ తర్వాత ఫోన్ ఏమైనా వచ్చిందా?

పల్నాడు అబ్బాయి

వచ్చిందట. సాయంత్రం అమ్మ చెప్పింది. "అంకుల్, అడ్వాన్స్ ఐదు వేలు వేయబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టాను. మా అమ్మ ఆసుపత్రిలో ఉంది, మిగతా నలభై ఐదు వేలు వెంటనే వేయండి" అన్నాడట. ఆ ఫోన్ వచ్చిన రెండు నిమిషాలకే నాన్న నాకు స్క్రీన్‌షాట్ పంపారు.

సైబర్ శీను

ఇంత హైరానా అక్కర్లేదు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. మనుషుల మధ్య డబ్బు పంపమని యూపీఐలో అడిగే కలెక్ట్ రిక్వెస్టులు కూడా 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. పిన్ ఎవరికీ చెప్పవద్దని ఒక్కసారి నేర్పితే చాలు, ఆయన క్షేమం.

పాత క్యాషియర్

మీరు చెప్పిన రెండూ నిజమే శీను గారూ. కానీ ఈ మోసంలో పిన్ ఎవరూ అడగరు. పల్నాడు బాబు నాన్నలాంటి మనిషి తన చేత్తో, తన పిన్‌తో, ఇష్టపడి నలభై ఐదు వేలు "తిరిగి" పంపుతాడు. పిన్ చెప్పకూడదన్న పాఠం ఆయన పాటించినట్టే, డబ్బు మాత్రం పోయినట్టే. "పరుల సొమ్ము పాము వంటిది" అని పెరిగిన మనిషి, వేరేవాళ్ల డబ్బు తన ఖాతాలో ఉందంటే నిమిషం కూడా నిలవలేడు. వాడు పట్టుకునేది ఆ నిజాయితీనే.

అందుకే మొదటి ప్రశ్న "ఇది మోసమా" అని కాదు, "డబ్బు నిజంగా వచ్చిందా" అని. అది మెసేజ్‌లో తేలదు. ఖాతాలో తేలుతుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ చెప్పే సౌకర్యం చాలా బ్యాంకులకు ఉంది. ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీయవచ్చు, బ్రాంచికి వెళ్లి పాస్‌బుక్ వేయించుకోవచ్చు. ఆ 50,000 అక్కడ లేకపోతే తిరిగి ఇవ్వాల్సింది ఏమీ లేదు. ఈ మాట వింటే పెద్దవాళ్లు స్థిమితపడతారు. "మోసం" అన్న మాట వింటే తామే మోసపోయామనుకుంటారు.

గాజువాక లక్ష్మి

నిజంగానే వచ్చి ఉంటే? అలా కూడా పడుతుంటాయి కదా. ఇవ్వకపోతే పాపం కాదా?

పాత క్యాషియర్

మంచి ప్రశ్న అమ్మా. నిజంగా పడినా ఫోన్‌లో చెప్పిన నంబరుకు వేయకూడదు. ఆ డబ్బు ఇంకో బాధితుడిది కావచ్చు. మనం మూడో ఖాతాకు పంపితే ఆ గొలుసులో మన ఖాతా కూడా ఒక లింకు అవుతుంది. పోలీసు ఫిర్యాదు వస్తే ఆ మొత్తాన్ని మన ఖాతాలో కదలకుండా ఆపేస్తారు. ఒక్కోసారి ఖాతా అంతా ఆగిపోతుంది. పింఛను పడే ఖాతా అయితే ఎంత ఇబ్బందో ఆలోచించండి. బ్రాంచిలో కాగితం మీద రాసి ఇచ్చి, ఆ డబ్బు వాడకుండా ఉంచితే చాలు. "మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, వాళ్లు అడిగితే మా బ్యాంకు ఇస్తుంది" అని ఫోన్ చేసినవాడికి చెప్పవచ్చు. నిజంగా పొరపాటు పడినవాడు దీనికి ఒప్పుకుంటాడు. మోసగాడు ఇక్కడే తిట్లకు దిగుతాడు.

గాజువాక లక్ష్మి

పల్నాడు గారూ, మీ అక్క చెప్పినదే నాకు సబబుగా ఉంది. మా అత్తయ్య ఒకసారి మా ఆయనకు కరెంటు బిల్లు మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపారు. ఆయన కుటుంబ గ్రూపులో అందరి ముందూ "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అన్నారు. రెండు నెలల తర్వాత ఆమెకు నిజంగానే 18,000 పోయాయి. మాకు తెలిసింది నాలుగో రోజున. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకున్నారు కానీ అప్పటికే డబ్బు రెండు ఖాతాలు దాటిపోయింది. మొదటి గంటలో చేసి ఉంటే మధ్యలో ఆపే అవకాశం ఉండేదన్నారు. ఆమె మాకు చెప్పకుండా మూడు రాత్రులు ఒక్కతే ఏడ్చింది. డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

అత్తయ్య ఏమీ రాయకుండా బొమ్మ పంపితే అది ప్రశ్నే. "ఇదేంటో చూడు బాబూ" అని టైప్ చేయడం ఆమెకు కష్టం. మీ నాన్న కూడా అడిగారు, మీకు వినపడలేదు.

కరీంనగర్ రాజు

నేను ఒప్పుకోను. మా బాబాయి ఇలాగే స్క్రీన్‌షాట్ పంపిండు. నేను మర్యాదగా "బాబాయ్, ఇది ఎవరు పంపిండ్రు, ఎప్పుడు వచ్చింది" అని టైప్ చేసుకుంట కూసున్న. ఆయన అప్పటికే వాడితో ఫోన్‌ల ఉన్నడు. నా మెసేజ్‌లు చూడనే లేదు. నాలుగు నిమిషాలల్ల 22,000 పోయినయ్. మనసు నొచ్చుకుంటే తర్వాత కలుపుకోవచ్చు, పోయిన పైసలు మళ్ల వస్తయా? పల్నాడు అన్న అరిచిండు కాబట్టే వాళ్ల నాన్న ఆగిండు.

పాత క్యాషియర్

రాజు బాబూ, మీరు తొందరపడాల్సిందన్నది నిజం. కానీ మీ బాబాయికి అందనిది అరుపు కాదు, ఫోన్ కాల్. టైప్ చేసినా వాయిస్ మెసేజ్ పెట్టినా అవతలివాడు లైనులో ఉన్నంతసేపు చూడరు. వెంటనే ఫోన్ చేయాలి. బిజీ వస్తే అదే పెద్ద సూచన, వాడు ఇంకా మాట్లాడుతున్నాడని. అప్పుడు పిన్నికో పక్కింటివాళ్లకో చేసి, ఆ ఫోన్ పెట్టించాలి. దొరికాక ఒక్కటే చెప్పాలి: "నాకు పంపి మంచి పని చేశావు. ఖాతాలో చూసేదాకా ఎవరికీ వేయకు." ఎవరు, ఎందుకు, ఎలా అన్న ఆరా అంతా ఆ తర్వాత.

కరీంనగర్ రాజు

ఫోన్ సంగతి ఒప్పుకుంట. కానీ బాబాయి చెవిన పడాలంటే గొంతు పెంచక తప్పదు. ఆయనతో బతికింది నేను, మీరు కాదు.

బందరు రోడ్డు టిఫిన్స్

మొదట ప్రశ్న సరిగా చదవలేదు, క్షమించండి. అరవడం గురించి నాకూ ఒకటుంది. ఒక కుర్రాడు స్క్రీన్ చూపించాడు, నా బాక్స్ పలకలేదు. అందరి ముందూ "దొంగ స్క్రీన్‌షాట్" అన్నాను. వాడు ఏమీ అనకుండా మళ్లీ నగదు 70 ఇచ్చి వెళ్లాడు. ఆరోజు నెట్‌వర్క్ సరిగా లేక అతని డబ్బు మధ్యలో ఆగిందట. మర్నాడు నా ఖాతాలో పడింది. పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు అతని ఫోన్‌లోనూ నా యాప్‌లోనూ ఒకటే. నేను అడగాల్సింది ఆ నంబరు. ఆ పిల్లాడు మళ్లీ మా దగ్గరకు రాలేదు. ఆ 70 విడిగా ఉంచాను.

పల్నాడు అబ్బాయి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. ఆ స్క్రీన్‌షాట్ గురించి క్షమించమని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు, నా వాయిస్ మెసేజ్‌లు వినకముందే ఆయనకు అనుమానం వచ్చిందట. చూడకుండానే అడ్వాన్స్ వేస్తానన్నాడని, ఇల్లు చూసుకోవడానికి ఎవరూ రాలేదని. నన్ను అడిగి రూఢి చేసుకుందామని పంపారట. అంటే నేను ఆపకముందే ఆయన సగం ఆగి ఉన్నారు.

రాజు గారన్నట్టు నేను అరవకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఈ ఉదయం నాన్న నుంచి ఒక బొమ్మ వచ్చింది. పాస్‌బుక్ పేజీ. మాటలేమీ లేవు. ఫోన్ చేశాను.