పాట రిఫ్‌తోనే మొదలవ్వాలా?

తీగలమోత: రాక్ పాటకి ముందు రిఫ్, అంటే పదే పదే తిరిగే ఆ చిన్న ట్యూన్ ముక్క పుడుతుంది, లిరిక్స్ తర్వాతే అంటారు కదా, నిజమేనా? ముందు సాహిత్యం రాసుకుంటే కుదరదా?

డ్రమ్‌కర్ర: నిజమే బ్రో. రిఫ్ లేకుండా రాక్ లేదు. రిఫ్, వెర్స్, కోరస్, ఇంకోసారి అదే, ఆపైన ట్యూన్ మార్చి వేరే దారి పట్టే బ్రిడ్జ్, చివర్లో కోరస్. బ్రిడ్జ్ లేకపోతే పాట సగంలో ఆగిపోయినట్టే ఉంటుంది.

పాతబేస్: బ్రిడ్జ్ సంగతి ఒప్పుకోను. 1967లో క్రీమ్ బ్యాండ్ చేసిన 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' వినండి, అందులో బ్రిడ్జే లేదు, ఆ చోట్లో గిటార్ సోలో ఉంది. వాళ్ల బేసిస్టు జాక్ బ్రూస్ రిఫ్ ముందు వచ్చింది, మాటలు దాని మీద కూర్చున్నాయి. రిఫ్ రెండు బార్లు. డి మీద నాలుగుసార్లు తిరుగుతుంది, తర్వాత అదే ఆకారం జి మీదకి జరిగి రెండుసార్లు, మళ్లీ డి మీద రెండుసార్లు. అంటే వెర్స్ మొత్తం ఒక్క రిఫ్‌తోనే అయిపోయింది, దానికి కోరస్ కూడా కలిపితే బ్లూస్ పన్నెండు బార్లని రెట్టింపు చేసి సాగదీసినట్టన్నమాట. ఇక కోరస్‌కి మాత్రం రిఫ్ వదిలేసి ఎ, సి, జి కార్డ్స్‌లోకి దూకుతారు, అందుకే అక్కడ ఒక్కసారిగా గాలి ఆడినట్టుంటుంది. రిఫ్ ముందు దొరికితే శ్రుతి, స్పీడు, గ్రూవ్ మూడూ ఒకేసారి తేలిపోతాయి, డ్రమ్మర్‌కీ బేసిస్టుకీ ఆ రోజే పని దొరుకుతుంది, కోరస్ దేన్నుంచి తప్పించుకోవాలో కూడా తెలిసిపోతుంది. చాలా బ్యాండ్లు రిఫ్ దగ్గర మొదలెట్టేది అందుకే.

రాతపిచ్చి: నేను ఎప్పుడూ లిరిక్స్ ముందే రాస్తానండీ, పోయిన పాటకి మా గిటారిస్ట్ మంచి రిఫ్ ఇచ్చాడు కానీ దాని మీద పాడుతుంటే నా మాటలు ఒక్కటీ వినపడట్లా, అంటే నా లిరిక్స్ మార్చుకోవాలా?

పాతబేస్: లిరిక్స్ జోలికి పోకండి. రిఫ్‌లో నోట్స్ ఎక్కువై మీ గొంతు ఉన్న రేంజ్‌లోనే తిరుగుతుంటే రెండూ కొట్టుకుంటాయి. 'స్మోక్ ఆన్ ద వాటర్'లో చూడండి, ఆ రిఫ్ ఇంట్రోలో ఉంటుంది, మళ్లీ కోరస్ అయ్యాక వస్తుంది, గొంతు అందుకోగానే తప్పుకుంటుంది, వెర్స్ కింద గ్రూవ్ మాత్రమే నడుస్తుంది. మీ గిటారిస్ట్‌ని వెర్స్‌లో మ్యూట్ చేసిన ఒక్క తీగ మీద ఉండమనండి, మీరు ఊపిరి తీసుకునే చోట రిఫ్ తోక ఒక ముక్క వదలమనండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే మాట ఎక్కడ మునుగుతుందో వెంటనే తెలుస్తుంది.

తీగలమోత: మరి లిరిక్స్ ముందు రాస్తే నష్టమేంటి?

పాతబేస్: నష్టమేం లేదు, కాకపోతే లైన్ల పొడవు ముందే ఫిక్స్ అయిపోతుంది కాబట్టి రిఫ్ వాటి మధ్య ఇరుక్కోవాలి. నాకైతే రిఫ్ ముందు ఉంటేనే పాట బిగువుగా వస్తుంది.

డ్రమ్‌కర్ర: సరే అన్నా, 1991 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' సంగతేంటి? వెర్స్‌లోనూ కోరస్‌లోనూ అవే నాలుగు కార్డ్స్, మారేది సౌండ్ బరువే. కోరస్ తప్పించుకున్నది ఎక్కడ?

పాతబేస్: వెర్స్‌లో గిటార్ రెండు నోట్స్ మోగించి ఊరుకుంటుంది, కార్డ్స్‌ని బేస్ మోస్తుంది, కోరస్‌లో డిస్టార్షన్ మీద పడుతుంది. తప్పించుకున్నది అక్కడే.

డ్రమ్‌కర్ర: అది వాల్యూమ్ అన్నా, స్ట్రక్చర్ కాదు. దీనికి మాత్రం ఒప్పుకోను.