గోల్డ్ బాండా, బిస్కెట్టా? 2016 కాగితాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

ఎంవీపీ కాలనీ అబ్బాయి: అందరూ ప్రభుత్వ గోల్డ్ బాండే బెస్ట్ అంటారు, కానీ లెక్క ఎవరూ చూపించరు. ఒకే రోజు బాండూ బంగారమూ రెండూ కొని చివరిదాకా ఉంచినవాళ్ళు ఉంటే, వడ్డీ కలిపి ఎంత వచ్చిందో బిల్లు చూసి చెప్పండి ప్లీజ్.

ఉక్కునగరం రిటైర్డ్: నా దగ్గర రెండు కాగితాలూ ఉన్నాయి బాబు, ఫైల్ ముందు పెట్టుకునే టైప్ చేస్తున్నా. 2016 జనవరి 20న బ్యాంకులో 20 గ్రాముల బాండుకి డబ్బు కట్టాను, గ్రాము 2,600 చొప్పున 52,000. ఆ సాయంత్రమే కురుపాం మార్కెట్‌లో 20 గ్రాముల 24 క్యారెట్ కాయిన్లు తీసుకున్నాను. బాండు రేటు అంతకుముందు వారం సగటు మీద ఫిక్స్ చేశారు, షాపులో ఆ రోజు రేటు 2,670 ఉంది, దాని మీద రెండు శాతం చార్జీ, ఒక శాతం వ్యాట్ (అప్పటికి జీఎస్టీ రాలేదు), అన్నీ కలిపి బిల్లు 55,013 అయింది. అంటే మొదటి రోజే కాయిన్ మూడు వేలు వెనకబడిపోయింది.

బాండు ఫిబ్రవరి 8న ఇష్యూ అయింది, సరిగ్గా ఎనిమిదేళ్ళకి 2024 ఫిబ్రవరి 8న గ్రాముకి 6,271 లెక్కన 1,25,420 అకౌంట్‌లో పడింది. వడ్డీ ఆరు నెలలకి 715 చొప్పున 16 సార్లు, మొత్తం 11,440. అప్పుడే ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టాల్సి వచ్చి కాయిన్లు కూడా అదే వారం అమ్మేశాను, షాపువాళ్ళు రేటులో రెండు శాతం దాకా తగ్గించి 1,23,000 ఇచ్చారు.

గాజువాక ట్రేడర్: చూశారా, వడ్డీయే గెలిపించింది. ఏటా 2.75 శాతం అంటే బంగారం పెరిగేకొద్దీ వడ్డీ కూడా పెరుగుతుంది కదా, అది కాంపౌండ్ అయి అంత తేడా వస్తుంది.

ఉక్కునగరం రిటైర్డ్: లేదండి, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. వడ్డీ మనం కట్టిన 2,600 మీదే, చివరిదాకా మారదు. నా పాస్‌బుక్‌లో మొదటి ఎంట్రీ 715, ఆఖరి ఎంట్రీ కూడా 715. బంగారం 6,271 అయ్యాక చూస్తే గ్రాముకి ఏడాదికి వచ్చే 71.50 అంటే ఒక శాతం కంటే కొంచెమే ఎక్కువ. కాంపౌండ్ కూడా అవ్వదు, సేవింగ్స్‌లో పడి ఖర్చైపోతుంది. పైగా దాని మీద ట్యాక్స్ ఉంది, నా శ్లాబ్‌లో పోగా చేతికి మిగిలింది సుమారు 9,000.

అసలు తేడా ట్యాక్స్ దగ్గర ఉంది. బాండు ఇష్యూ అయినప్పుడే కొని గడువుదాకా ఉంచితే వచ్చిన లాభం మీద ట్యాక్స్ లేదు. కాయిన్లకి అప్పటి రూల్ ప్రకారం ఇండెక్సేషన్ వేసి, అంటే ధరలు పెరిగిన మేరకు కొన్న ధరని పెంచి, 55,013ని 75,372 చేసుకుని, మిగతా లాభం మీద 20 శాతం, సెస్సు కలిపి 9,907 కట్టాను. అన్నీ పోగా బాండు మీద మిగిలిన లాభం కాయిన్ల మీద కంటే సుమారు 24,300 ఎక్కువ. అందులో వడ్డీ వాటా 9,000, ఆ 9,907 ట్యాక్స్, మిగతా 5,400 కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పోయింది. శాతంలో అయితే బాండు వడ్డీ ట్యాక్స్ తీయకముందు ఏడాదికి సుమారు 13.6, కాయిన్లు ట్యాక్స్ పోగా 9.4.

ద్వారకానగర్ అక్క: అన్నయ్యగారూ, మీరు అమ్మారు కాబట్టి ట్యాక్స్ పడింది. నేను అమ్మను కదా, మా అమ్మాయి పెళ్ళికి గొలుసు కింద చేయించి ఇచ్చేస్తాను. అప్పుడు ఆ 9,907 లెక్కలోకి రాదుగా? ఇంకో మాట, 2020 లాక్‌డౌన్‌లో మావారికి జీతం ఆగిపోతే గాజులు తీసుకెళ్ళి అరగంటలో తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకున్నాం, బాండు మీద కూడా లోన్ ఇవ్వొచ్చని రూల్ ఉందని అడిగితే మా బ్రాంచ్‌లో ఆ స్కీమ్ మాకు తెలీదు అని పంపేశారు. ఆ రోజు నాకు ఎంత బాధేసిందో.

ఉక్కునగరం రిటైర్డ్: నిజమేనమ్మా, అమ్మకపోతే ఆ ట్యాక్స్ ఇప్పుడు రాదు, తేడా 14,400కి దిగిపోతుంది. కానీ కాయిన్ మార్చి గొలుసు తీసుకుంటే అది కూడా అమ్మినట్టే లెక్క అని మా ఆడిటర్ చెప్పారు, పైగా తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేరే. లోన్ విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు, నేనెప్పుడూ పెట్టలేదు.

గాజువాక ట్రేడర్: సరే, వడ్డీ మాట ఒప్పుకుంటున్నా. ఇంతకీ ఇప్పుడు కొత్త బాండు ఏ బ్యాంకులో తీసుకోవాలి?

ఎంవీపీ కాలనీ అబ్బాయి: 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి వదల్లేదు బ్రో, పాతవి ఎక్స్‌ఛేంజ్‌లోనే దొరుకుతాయి. అక్కడ బంగారం రేటు కంటే ఎక్కువకి కొంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది, అలా కొన్నవాళ్ళెవరైనా కాంట్రాక్ట్ నోట్ చూసి చెప్తారా?