ఇంటర్ పిల్లగాడికి రాత్రి రెండైనా నిద్ర పట్టదు, అరమాత్ర రోజూ వేయొచ్చా?

నల్గొండ అమ్మ: మా బాబు ఇంటర్ సెకండియర్. రాత్రి రెండైనా నిద్ర పట్టదు. ఆరున్నరకు కాలేజీ బస్సు. మెడికల్ షాపాయన అల్ప్రాజోలం ఇచ్చిండు, పది గంటలకు అరమాత్ర వేస్తున్న. పన్నెండు రోజులైంది. రోజూ వేయొచ్చా?

మిర్యాలగూడ మామ: ఫోన్ గుంజుకోండమ్మా. అదే మందు.

పాలమూరు శీను: అల్ప్రాజోలం వద్దక్కా. మెలటోనిన్ మన ఒంట్లో పుట్టే నిద్ర హార్మోనే, ఏం కాదు. పది మిల్లీగ్రాములది పడుకునే ముందు వేయండి.

రాత్రి డ్యూటీ: అమ్మా, ఒక్కటి చెప్పండి. సెలవు రోజు ఎవరూ లేపకపోతే ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేస్తాడు?

నల్గొండ అమ్మ: రెండున్నరకు పడుకుంటే పదిన్నర దాకా మొద్దు నిద్ర. లేచినంక హుషారుగనే ఉంటడు. చదువు రోజుల్లోనే శవంలెక్క.

రిటైర్డ్ సార్: నాకు మూడింటికే మెలకువ వస్తుంది. అరవై రెండేళ్లు. ఏ మాత్ర మంచిది?

రాత్రి డ్యూటీ: సార్, మీది వేరే సంగతి, విడిగా అడగండి.

అమ్మా, మీవాడికి నిద్ర లేకపోవడం కాదు, నిద్ర వేళ జరిగిపోయింది. తన టైంకు పడుకుంటే ఎనిమిది గంటలు చక్కగా పోతున్నాడు కదా. సెలవుల్లో తన టైంకు కూడా నిద్ర పట్టకుంటే వేరే కారణం వెతకాల్సి వచ్చేది. ఈ వయసులో లోపలి గడియారం వెనక్కి జరగడం, అంటే నిద్ర వేళ ఆలస్యం కావడం, మామూలే, కొందరికి మరీ ఎక్కువ. రెండున్నరకు నిద్రపోయే వాడి ఒంట్లో మెలటోనిన్ పెరగడం పన్నెండు దాటాకే మొదలవుతుంది. మీరు మాత్ర వేసే పదింటికి వాడి మెదడు మంచి మెలకువలో ఉంటుంది. మాత్ర దాన్ని మత్తులో ముంచుతుంది తప్ప గడియారాన్ని ఒక్క నిమిషం ముందుకు తేదు. అల్ప్రాజోలం సగం దిగిపోవడానికి సుమారు పదకొండు గంటలు. అంటే పొద్దున తొమ్మిదింటికి క్లాసులో కూర్చున్నప్పుడు సగం మందు ఒంట్లోనే ఉంది. పైగా అలవాటు పడితే మాత్ర లేకుండా అసలు నిద్ర రాని రోజు వస్తుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఎట్లా ఆపాలో డాక్టర్‌కు చూపించి అడగండి.

మిర్యాలగూడ మామ: గడియారం అంట! మా హాస్టల్లో నాలుగున్నరకు బెల్లు కొట్టేటోళ్లు. లేవకుంటే నీళ్లు చల్లేటోళ్లు. ఎవడికీ గడియారం జరగలేదు. ఇప్పటి పిల్లలకు బద్ధకానికి కూడా రోగం పేరు పెడుతున్నరు.

దేవరకొండ టీచర్: మామా, మీ ఫస్ట్ పీరియడ్ మీరు విన్నారా, కునికారా?

పాలమూరు శీను: నేను చెప్పిన మెలటోనిన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మా తమ్ముడికి పది మిల్లీగ్రాములే పనిచేసింది.

రాత్రి డ్యూటీ: శీనూ, మందు సరైనదే, టైం తప్పు. పడుకునే ముందు వేస్తే కొంచెం మత్తు వస్తుంది, అంతే. గడియారం కదలాలంటే మామూలుగా నిద్ర పట్టే వేళకు ఐదారు గంటల ముందు వేయాలి. ఈ పిల్లాడికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. అర నుంచి ఒక మిల్లీగ్రాముతో మొదలు, అదీ డాక్టర్ చూశాకే. ఎక్కువ వేస్తే తెల్లారినా ఒంట్లో మిగులుతుంది, పొద్దున మెలటోనిన్ గడియారాన్ని ఇంకా వెనక్కే తోస్తుంది.

నల్గొండ అమ్మ: వాళ్ల నాయిన పొద్దున ఆరింటికే డాబా మీదికి తోలి ఎండలో నిలబెడుతున్నడు. అదన్నా మంచిదేనా?

రాత్రి డ్యూటీ: ఇప్పుడే వద్దమ్మా. పదిన్నరకు లేచే ఒళ్లు ఎనిమిది ప్రాంతంలో బాగా చల్లబడుతుంది. అంతకుముందు పడే వెలుతురును గడియారం సాయంత్రం వెలుతురే అనుకుని ఇంకా వెనక్కి పోతుంది. ఆ తర్వాతి వెలుతురే ముందుకు లాగుతుంది. అందుకే దసరా సెలవుల్లో మొదలు పెట్టండి. మొదట పదింటికి లేపి అరగంట ఆరుబయట కూర్చోబెట్టండి. రెండు రోజులకోసారి అరగంట ముందుకు జరపండి, మెలటోనిన్ వేళను కూడా అంతే. రాత్రి పదయితే ట్యూబులైట్లు ఆర్పేయండి, ఫోన్ విషయంలో మామ మాట అక్కడ నిజమే. రెండు వారాలకు ఆరున్నర దగ్గరికి వస్తాడు, బస్సు అందాలంటే అట్లాగే ఇంకొంచెం ముందుకు జరపాలి.

మిర్యాలగూడ మామ: చూసిండ్రా, నిజమే అన్నడు. కానీ ఇంత తతంగం దేనికి? తండ్రి గట్టిగుంటే సరిపోదా?

నల్గొండ అమ్మ: అన్నా, తండ్రి గట్టిగనే ఉండు. రోజూ లొల్లే. "నువ్వు చెడగొట్టినవ్" అని నన్నంటడు. ఆ లొల్లి పడలేకనే మాత్ర వేసిన. పిల్లగాడు నిద్రపోతే ఇల్లు నిమ్మళం అనుకున్న. రాత్రి ఎనిమిదిన్నరకు స్టడీ అవర్స్ అయి ఇంటికొస్తడు, తిని హోంవర్క్ చేసేసరికి పదకొండు. పొద్దున ఐదుంబావుకు లేవాలె. మీరే చెప్పండి, ఎప్పుడు పడుకోవాలె వాడు?

దేవరకొండ టీచర్: ఇదీ అసలు సంగతి. ఆ వయసుకు కనీసం ఎనిమిది గంటలు కావాలి, వీళ్లిచ్చేది ఆరు.

మిర్యాలగూడ మామ: కాలేజీని మార్చమంటరా ఏంది? ఫీజు కట్టినం కదా.

రాత్రి డ్యూటీ: మార్చమనట్లేదు. గడియారం ఎంత సరిచేసినా పదకొండుకు పుస్తకం మూసి ఐదుంబావుకు లేస్తే నిద్ర తక్కువే. ఒక్క నెల సాయంత్రం స్టడీ అవర్స్ మినహాయింపు అడిగి చూడండి, డాక్టర్ కాగితం పెట్టి. ఆదివారం కూడా మామూలు వేళకు ఒక గంట మించి ఎక్కువ పడుకోనివ్వొద్దు, లేకుంటే సోమవారానికి మళ్లీ మొదటికే.

నల్గొండ అమ్మ: అడుగుత. ఆదివారం లేపుడే కష్టం, వాళ్ల నాయిన కూడా ఆ రోజు పది దాకా లేవడు.