సమస్య: భోరుమనుచు నవ్వెఁ బొలఁతి యపుడు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

భోరుమనుచు నవ్వెఁ బొలఁతి యపుడు

భోరుమని ఏడుస్తారు గానీ నవ్వరు కదా, చిక్కు అక్కడే. దానికి తోడు ఒక షరతు. పూరణలో నవ్వుకో ఏడుపుకో కనీసం రెండు మెట్లుండాలి, చిన్నది ముందు, పెద్దది తర్వాత.

బర్కత్‌పుర:

తల్లి చేయి విడిచి తప్పిపోయిన చిన్ని
వాఁడు వెదకి వెదకి వగచి వగచి
కంటఁబడిన యంతఁ గౌఁగిటిలో నేడ్చె
భోరుమనుచు, నవ్వెఁ బొలఁతి యపుడు

నుమాయిష్‌లో ఏటా కనబడే దృశ్యమే. విరుపు ‘మనుచు’ తర్వాత.

మల్కాజిగిరి మాస్టారు: విరుపు బాగా కుదిరింది. ‘ఏడ్చె’ను మూడో పాదం చివర ఆపి ‘భోరుమనుచు’ను దానికి తగిలించడంతో సమస్య విడిపోయింది. మెట్లు కూడా సరైనవే. వగచడం లోపలిది, దానికి గొంతుతో పనిలేదు. భోరుమనడం పూర్తిగా గొంతుది. తప్పిపోయిన పిల్లవాడు జనంలో బిక్కమొహం వేసుకుని తిరుగుతాడు, వెక్కితే వెక్కుతాడు. భోరుమనేది అమ్మ కనబడ్డాకే. ఆ క్రమం పద్యంలోకి వచ్చింది.

లోపం మూడో పాదంలో ఉంది. ‘కంటఁబడిన యంత’ అన్నారు, ఎవరు ఎవరి కంటపడ్డారు? చదివేవాడు ఒక్క క్షణం ఆగిపోతాడు. ఇలా మార్చి చూడండి:

కన్నతల్లి దొరకఁ గౌఁగిటిలో నేడ్చె

మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు సరిపోయాయి. క–గౌ యతి కూడా చెడలేదు.

విద్యానగర్ వర్మ:

ఎండ మండిపోయి యెన్నాళ్ళొ వేచిన
పట్నమందు మబ్బు పట్టి పట్టి
తారురోడ్డుమీఁదఁ దాండవించెను వాన
భోరుమనుచు, నవ్వెఁ బొలఁతి యపుడు

బర్కత్‌పుర: పద్యం నడక నాకు నచ్చింది. కానీ వర్మగారూ, షరతు నుంచి గొడుగేసుకుని జారుకున్నారు! ఏడుపు మెట్టు ఒక్కటీ లేదు, నవ్వూ ఒక్కటే.

విద్యానగర్ వర్మ: ‘వాన భోరున కురిసింది’ అని రోజూ అంటాం కదండీ. భోరు ఏడుపు సొత్తు కాదని చెప్పడానికే రాశాను. షరతు మాట ఒప్పుకుంటాను.

కూకట్‌పల్లి కొత్తవాడు: నమస్కారం. మూడో పాదం ఒక్కటే కుదిరింది, చూడండి సార్.

వెక్కి వెక్కి నగెను చెలికత్తెలును గూడి

మల్కాజిగిరి మాస్టారు: గణాలు సరిగ్గా పడ్డాయి బాబూ, కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. యతి పోయింది. నాలుగో గణం ‘చె’తో మొదలైంది, పాదం ‘వె’తో మొదలైంది, ఆ రెండింటికీ మైత్రి లేదు. చెలికత్తెలు చాలామంది, క్రియ మాత్రం ‘నగెను’ అని ఏకవచనం. అసలు తప్పు ‘వెక్కి’లో ఉంది. వెక్కడమంటే ఊపిరి తెగి తెగి లోపలికి పోవడం, అది ఏడుపుదే. నవ్వులో ఊపిరి తెగి తెగి బయటికి వస్తుంది. అందుకే ‘వెక్కి నవ్వింది’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

గొల్లుమనుచు నగిరి కూడియు సఖులెల్ల

అంటే యతి కుదురుతుంది, వచనమూ కుదురుతుంది. ‘గొల్లు’ నవ్వుకీ ఏడుపుకీ రెంటికీ చెల్లే మాట: తరగతి గొల్లున నవ్వింది, శవం రాగానే ఇల్లంతా గొల్లుమంది. అయితే సమస్య ఇంకా అలాగే ఉంది. కింది పాదంలో ‘భోరుమనుచు’ ఇప్పటికీ నవ్వునే పట్టుకుని వేలాడుతోంది. పైన ఒక ఏడుపు తెచ్చిపెట్టాలి.

విద్యానగర్ వర్మ: అయితే ఏడుపు మెట్లు వెక్కు, బావురు, భోరు, గొల్లు. గొల్లు అన్నిటికన్నా పెద్దది. సరేనా?

మల్కాజిగిరి మాస్టారు: సగం సరే. చప్పుడు లెక్కన మొదటి మూడూ అలా నిలబెట్టవచ్చు. కానీ బావురు ఒక్కసారి కట్ట తెగడం. ‘గంటసేపు వెక్కుతూనే ఉంది’ అంటాం, ‘గంటసేపు బావురుమంది’ అనం. ఆ ‘గంటసేపు’ను ప్రతి మాట ముందూ పెట్టి చూస్తే ఏది క్షణానిది, ఏది సాగేదో తెలిసిపోతుంది. ఖాళీ ఇల్లు ‘బావురుమంటోంది’ అంటే అది వేరే సంగతి, అక్కడ ఏడుపే లేదు. ఇక గొల్లు చప్పుడులో పై మెట్టు కాదు, అది మందిని చెప్పే మాట. పదిమంది ఒక్కసారి గొంతెత్తితే గొల్లు, ఒక్కరైతే భోరు.

సైదాబాద్ అక్క: గట్లెట్లంటరు సార్? మా దిక్కు ఒక్కతే ఉన్నా ‘గొల్లుమని ఏడ్చింది’ అంటరు. వెక్కుడును ‘ఎక్కెక్కి ఏడ్సుడు’ అంటం. దానికన్న పైన ‘శోకాలు పెట్టుడు’. అండ్ల మాటలుంటయి, రాగముంటది, పోయినోళ్ళ గుణాలన్నీ ఎత్తి ఎత్తి చెప్తరు. మీ మెట్లల్ల అదేడ పోయింది?

మల్కాజిగిరి మాస్టారు: శోకాలు మరిచిపోవడం నా తప్పేనమ్మా. గొల్లు సంగతి మాత్రం ఒప్పుకోను. ఒక్కరి విషయంలో ఆ మాట వాడినా, చుట్టూ జనం ఉన్నారన్న ధ్వని అందులో ఉంటుంది.

సైదాబాద్ అక్క: ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు గూడ అంటరు సార్. నేనింటున్న మాటే చెప్తున్న.

డబ్బింగ్ రాసే అమ్మాయి: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాకు పద్యం రాదు. స్క్రిప్టులో గిగిల్, చకిల్, సాబ్, వీప్, వెయిల్ అని ఉంటే తెలుగులో ఒక్కో మాట చెప్తారా? పెదవి కదలికకు సరిపోవాలి.

బర్కత్‌పుర: ఇది పూరణల చోటమ్మా! అయినా చెబుతాను. గిగిల్ ఆపుకోలేనిదైతే ‘కిసుక్కున’, పిల్లలదైతే ‘కిలకిల’. సాబ్‌కు ‘వెక్కడం’. వీప్‌కు చప్పుడు ముఖ్యం కాదు కాబట్టి ‘కన్నీరు పెట్టుకోవడం’. వెయిల్‌కు అక్క చెప్పిన ‘శోకాలు’ దగ్గరగా ఉంటుంది, చావు సందర్భం కాకపోతే ‘గొంతెత్తి ఏడవడం’. చకిల్‌కే ఒక్క మాట దొరకదు. ‘తనలో తాను నవ్వుకున్నాడు’ అనాలి. ఆ ‘కొను’ వల్లే నవ్వు బయటికి పెద్దగా రాలేదని తెలుస్తుంది. దాన్ని తీసేసి ‘నవ్వాడు’ అంటే మెట్టే మారిపోతుంది.

సైదాబాద్ అక్క: నాది గూడ పెడుతున్న. దీంట్ల విరుపు లేదు, నవ్వుకే భోరు తగిలించిన.

మొదట ముసిముసియని ముంగురుల్ కదలంగఁ
గిసుకుమనుచుఁ బిదపఁ గిలకిలనుచుఁ
బట్టలేక పొట్ట పగలఁగఁ గన్నీరు
భోరుమనుచు నవ్వెఁ బొలఁతి యపుడు

మల్కాజిగిరి మాస్టారు: మెట్ల విషయంలో ఇదే మేలు. ముసిముసిలో పెదవి విడదు, కిసుక్కులో గాలి ముక్కులోంచి తప్పించుకుంటుంది, కిలకిలలో గొంతు తెరుచుకుంటుంది, తర్వాత పొట్ట. భరతుడు హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా చెప్పాడు. చివరి రెంటిలో కంట నీరు వస్తుంది. మీ మూడో పాదం సరిగ్గా అక్కడికి చేరింది.

ఒక్క అభ్యంతరం. కన్నీరు భోరుమంటుందా? కన్నీరు జలజల రాలుతుంది, బొటబొట కారుతుంది. భోరుకు చప్పుడుండాలి. వాన తారురోడ్డుమీద మోగుతుంది కాబట్టి వర్మగారికి చెల్లింది. చెంపమీద జారే నీరు మోగదు.

విద్యానగర్ వర్మ: అతిశయోక్తి అనుకుంటే?

సైదాబాద్ అక్క: కన్నీళ్ళకు కాదు సార్, గొంతుకే అనుకోండ్రి. కడుపు పట్టుకొని నవ్వేటోళ్ళ గొంతు పక్క గదిలకెల్లి వింటే నవ్వో ఏడ్పో సమజ్ కాదు.

మల్కాజిగిరి మాస్టారు: అలాగైతే ‘కన్నీరు’ తర్వాత ‘రాల్చి’ అని ఒక క్రియ కావాలి, దానికి పాదంలో చోటు లేదు. మూడో పాదం తిరగరాసి పెట్టండి, మళ్ళీ చూద్దాం.

కూకట్‌పల్లి కొత్తవాడు: సార్, నా పద్యంలో పైన ఏడుపు తేవాలన్నారు కదా. ‘వగచి’ బర్కత్‌పుర గారు వాడేశారు, నేను ‘కుములి’ వాడొచ్చా?

బర్కత్‌పుర: వాడు నాయనా. మూడు లఘువులు, ఒక సూర్యగణం. రెండో పాదంలో పెట్టు, భోరు కన్నా ముందు పడాలి.